ఎలక్ట్రిక్ స్కూటర్ ఖర్చు ఎంతో తెలియాలంటే ముందు ఇంటి కరెంటు మీటర్ చూడాలి

మహబూబ్‌నగర్‌లో గడియారం చౌరస్తా నుంచి న్యూటౌన్ దాకా సాయంత్రం ఆరు గంటలకు బండి మీద వెళ్లేవాళ్లకు పెట్రోల్ ఎలా కరిగిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి షోరూంలో "కిలోమీటరుకు పదిహేను పైసలే" అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇంకోపక్క, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ బండ్ల మీద అది ముందునుంచీ ఉన్న 5 శాతమే. అంటే రెండింటి ధరల మధ్య తేడా మళ్లీ కాస్త పెరిగింది. ఏది కొనాలన్న చర్చ ఇళ్లల్లో మళ్లీ మొదలైంది.

ఈ చర్చలో మైలేజీ గురించి, రేంజ్ గురించి, పేలిపోయిన బ్యాటరీల గురించి అందరూ మాట్లాడతారు. తెలంగాణ ఇంటి కరెంటు బిల్లులో 200 యూనిట్ల దగ్గర ఉన్న గీత గురించి మాత్రం దాదాపు ఎవరూ మాట్లాడరు. నా లెక్కలో అసలు ముడి అక్కడే ఉంది. అక్కడిదాకా వెళ్లాలంటే ముందు రెండు మూడు మాటలు తేల్చుకోవాలి.

యూనిట్‌తో బండి ఎంత దూరం పోతుంది

మన బిల్లులో యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. వెయ్యి వాట్ల హీటర్ గంటసేపు వేస్తే ఖర్చయ్యేంత కరెంటు. స్కూటర్ బ్యాటరీ సైజును కూడా ఇదే కొలతలో చెప్తారు. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే అందులో మూడు యూనిట్ల కరెంటు పడుతుందని అర్థం.

అయితే మూడు యూనిట్లు నింపడానికి గోడ ప్లగ్ నుంచి మూడు యూనిట్లే ఖర్చు కావు. ఛార్జర్ వేడెక్కుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. ఆ వేడి కింద పది నుంచి పదిహేను శాతం దాకా పోతుంది. బండి డిస్‌ప్లే చూపించేది బ్యాటరీ లోంచి పోయిన కరెంటు. బిల్లు వచ్చేది మీటర్ మీద తిరిగిన దానికి. షోరూం లెక్క ఇంటి లెక్కతో కలవకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఈ నష్టం కూడా కలిపితే, మామూలు స్కూటర్ ఊళ్లో నెమ్మదిగా తిరిగినప్పుడు మీటర్ మీద ఒక యూనిట్‌కు సుమారు 33 కిలోమీటర్లు వస్తుందనుకోవచ్చు. హైవే మీద 55, 60 స్పీడులో పోతే అది 25కు పడిపోతుంది. బండిని బట్టి, బరువును బట్టి ఇది కొంత అటూ ఇటూ అవుతుంది. ప్లగ్‌కు, ఛార్జర్‌కు మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్లు దొరుకుతున్నాయి. అది ఒకటి పెడితే మీ బండి అసలు లెక్క నెలలో తేలిపోతుంది.

రద్దీలో ఒక బండిది పైచేయి, హైవే మీద ఇంకొక దానిది

పెట్రోల్ బండి గురించి మనకు అలవాటైన సూత్రం ఒకటుంది: ఊళ్లో మైలేజీ తక్కువ, రోడ్డెక్కితే ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఆగి, కదిలి, మళ్లీ బ్రేకు వేసిన ప్రతిసారీ తాగిన పెట్రోల్‌లో కొంత బ్రేకుల దగ్గర వేడిగా పోతుంది. సాఫీగా ఒకే స్పీడులో పోతే ఇంజిన్ హాయిగా పనిచేస్తుంది.

ఎలక్ట్రిక్ బండిలో ఇది తలకిందులు. ఆగితే మోటారు కూడా ఆగిపోతుంది, కరెంటు ఖర్చు దాదాపు సున్నా. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కొన్ని బండ్లలో మోటారే జనరేటర్‌లా మారి కాస్త కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. స్పీడు పెరిగితే మాత్రం గాలి అడ్డం పడుతుంది. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. గాలి అడ్డు పెట్రోల్ బండికీ ఉంటుంది. కానీ నెమ్మదిగా పోయేటప్పుడు ఆ ఇంజిన్ వృథా చేసేదే చాలా ఎక్కువ కాబట్టి, స్పీడులో వచ్చే నష్టం మన కంటికి ఆనదు. ఎలక్ట్రిక్ బండిలో వృథా తక్కువ గనక గాలి ఖర్చు నేరుగా రేంజ్ మీద కనిపిస్తుంది.

అందుకే "వంద కిలోమీటర్లు అన్నారు, డెబ్బై ఎనభై కూడా రావట్లేదు" అనే ఫిర్యాదు ఎక్కువగా జడ్చర్ల రోడ్డు మీదో, నార్కట్‌పల్లి రోడ్డు మీదో తిరిగేవాళ్ల నుంచి వస్తుంది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో తిరిగేవాళ్ల నుంచి తక్కువ. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఇద్దరు మనుషులు, రెండు దూరాలు

ఒక లెక్క వేసి చూద్దాం. పెట్రోల్ లీటరు 108 రూపాయలు అనుకుందాం. మనుషులు ఊహే గానీ పాలమూరులో ఇలాంటివాళ్లు వీధికి ఇద్దరు దొరుకుతారు.

మొదటి ఆమె ఏనుగొండలో ఉంటుంది. గడియారం చౌరస్తా దగ్గర బట్టల షాపులో పని. రానూపోనూ, మధ్యలో పిల్లల స్కూలు, కూరగాయలు అన్నీ కలిపి రోజుకు పది కిలోమీటర్లు. నెలలో 26 రోజులకు 260 కిలోమీటర్లు. రద్దీలో పెట్రోల్ బండి లీటరుకు 40 ఇస్తే ఆరున్నర లీటర్లు, అంటే 702 రూపాయలు. ఎలక్ట్రిక్ అయితే 8 యూనిట్లు.

రెండో అతను మహబూబ్‌నగర్‌లో ఉండి జడ్చర్లలో పనిచేస్తాడు. ఒకవైపు సుమారు 15 కిలోమీటర్లు. ఊళ్లో తిరుగుడుతో కలిపి రోజుకు 34 కిలోమీటర్లు, నెలకు 884. రోడ్డు మీద పెట్రోల్ బండి 50 ఇస్తుంది కాబట్టి దాదాపు 17.7 లీటర్లు, సుమారు 1,909 రూపాయలు. ఎలక్ట్రిక్ అయితే 35 యూనిట్లు.

8 యూనిట్లకు, 35 యూనిట్లకు ఎంతవుతుంది? షోరూంలో అయితే యూనిట్‌ను ఒక రేటుతో గుణించి చెప్పేస్తారు. యూనిట్ 4 రూపాయల 80 పైసల చొప్పున ఆమెకు 38 రూపాయలు, అతనికి 168. కిలోమీటరుకు పదిహేను పైసలన్న మాట ఇలా పుట్టిందే. ఈ గుణకారంలో తప్పేమీ లేదు. కానీ స్కూటర్‌కు వేరే మీటర్ ఉండదు. ఆ యూనిట్లు ఫ్రిజ్జు, కూలర్, మోటారు యూనిట్ల మీద వెళ్లి కూర్చుంటాయి. అప్పుడు బిల్లు మొత్తం ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

200 యూనిట్ల గీత దగ్గర ఏం జరుగుతుంది

తెలంగాణలో ఇంటి కరెంటుకు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్‌ను చూడండి. నెలకు వాడకం వంద దాటి 200 లోపు ఉంటే, మొదటి వంద యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, ఆ తర్వాతి వందకు 4 రూపాయల 80 పైసలు. సరిగ్గా 200 కాలిస్తే కరెంటు ఛార్జీ 820 రూపాయలు. వాడకం 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, అక్కడి నుంచి 300 దాకా 7 రూపాయల 70 పైసలు. అంటే 201 యూనిట్లు కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ 200 రూపాయలకు పైగా లాగింది. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, డ్యూటీ ఇవి కాక.

గృహజ్యోతి ఉన్న ఇళ్లలో గీత ఇంకా పదునుగా ఉంటుంది. 2024లో మొదలైన ఈ పథకం కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న అర్హులకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. 200 దాటిన నెలలో దాటినంత వరకే కట్టి ఊరుకోవడం కుదరదు, మొత్తం బిల్లు కట్టాలి.

ఇప్పుడు బట్టల షాపు ఆమె ఇంటికి వద్దాం. చలికాలంలో వాళ్ల వాడకం 120 యూనిట్లు అనుకుందాం. స్కూటర్ 8 యూనిట్లు కలిపినా 128. జీరో బిల్లు. ఆ నెల ఆమె బండి ఖర్చు నిజంగానే సున్నా, 702 రూపాయలు మొత్తం మిగిలాయి. షోరూం చెప్పిన దానికన్నా ఇది మెరుగు.

మే నెల వచ్చింది. కూలర్ రాత్రంతా తిరుగుతోంది, వాడకం 196కు చేరింది. స్కూటర్ లేకపోతే జీరో బిల్లే. స్కూటర్ 8 యూనిట్లు కలిసేసరికి 204. కరెంటు ఛార్జీ 1,020, పైన నాలుగు యూనిట్లకు దాదాపు 31, వెరసి 1,051 రూపాయలు. అదే నెల పెట్రోల్ పోయించుకుని ఉంటే 702తో పోయేది. ఎనిమిది యూనిట్లు వాడిన బండి ఆ ఒక్క నెలలో పెట్రోల్ బండి కన్నా 349 రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టించింది.

గృహజ్యోతి లేని ఇల్లయితే దెబ్బ ఇంత ఉండదు. 195 యూనిట్లు వాడే ఇంటికి 796 రూపాయల ఛార్జీ పడుతుంది. 8 యూనిట్లు కలిస్తే 1,043. తేడా 247. యూనిట్ ముప్పై రూపాయలు పడ్డట్టు లెక్క, అయినా పెట్రోల్ ఖర్చుకన్నా తక్కువే. ఏసీ ఉండి ఎప్పుడూ 200 పైనే కాల్చే ఇంటికి ఈ గీతతో టెన్షన్ లేదు. వాడకం 300 లోపు ఉన్నంతవరకు యూనిట్ 7 రూపాయల 70 పైసల చొప్పున 8 యూనిట్లకు 62 రూపాయలు, అంతే.

జడ్చర్ల వెళ్లే అతనిదీ గృహజ్యోతి ఉన్న ఇల్లే అనుకుందాం. మామూలుగా 120 యూనిట్లు కాలితే, స్కూటర్ 35తో కలిసి 155. అప్పుడూ జీరో బిల్లే, 1,909 మిగులు. ఎండాకాలంలో 175 కాలితే స్కూటర్‌తో 210 అవుతుంది, 1,097 రూపాయల ఛార్జీ పడుతుంది. అయినా అతనికి 812 రూపాయలు మిగులుతాయి. పెట్రోల్ ఖర్చు అంత పెద్దది గనక మీటర్ దెబ్బను అది మింగేస్తుంది.

ఈ లెక్కంతా మీ ఇంటికి సరిపోతుందో లేదో చూడటానికి పాత బిల్లులు చాలు. గడిచిన పన్నెండు నెలల యూనిట్లు వరసగా రాసి, ప్రతి నెలా మీ దూరానికి తగ్గ యూనిట్లు కలపండి. 200 దాటే నెలలు ఎన్నో కనపడతాయి. గీత దగ్గర ఉన్న నెలలో, రీడింగ్‌కు వారం ముందు మీటర్ చూసుకుని, ఆ నాలుగు ఛార్జింగ్‌లు పనిచేసే చోట పెట్టుకోగలిగితే బిల్లు మారిపోతుంది. పనిచేసే చోట ఛార్జింగ్‌కు ఒప్పుకునే యజమాని దొరకడమే కష్టం. అది వేరే సంగతి.

కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది

పెట్రోల్ స్కూటర్ మీద, ధర 50 వేలు దాటి లక్ష లోపు ఉంటే, తెలంగాణలో 12 శాతం లైఫ్ ట్యాక్స్ పడుతుంది. ఎలక్ట్రిక్ బండికి 2024 నవంబర్‌లో ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు. కేంద్రం ఇచ్చే సబ్సిడీ మాత్రం ఏటికేడు సన్నగిల్లింది. పీఎం ఈ-డ్రైవ్ కింద బండికి గరిష్ఠంగా 10 వేలు ఉన్నది 2025 ఏప్రిల్ నుంచి 5 వేలైంది.

ఆన్‌రోడ్ ధరలో తేడా 25 వేలు అనుకుందాం. మీ కొటేషన్‌లో ఎంత వస్తే అంత వేసుకోండి. ఇంజిన్ ఆయిల్, సర్వీసింగ్ ఖర్చుల్లో ఎలక్ట్రిక్ బండికి ఏడాదికి 1,500 మిగులుతుందనుకుందాం.

జడ్చర్ల అతనికి ఎండాకాలం మూడు నెలలు గీత దాటినా, ఏడాదికి కరెంటు-పెట్రోల్ తేడా 19,600 వస్తుంది. సర్వీసింగ్‌తో కలిపి 21 వేల పైచిలుకు. పద్నాలుగు నెలల్లో 25 వేలు తిరిగొస్తాయి. బట్టల షాపు ఆమెకు ఒక్క మే నెలే గీత దాటినా ఏడాదికి మిగిలేది దాదాపు 8,900. ఆమెకు మూడేళ్లు పడుతుంది. లోన్ మీద తీసుకుంటే ఆ ఎక్కువ డబ్బు మీద వడ్డీ కూడా ఉంటుంది, ఇంకా జరుగుతుంది.

ఊళ్లో రద్దీ ఎలక్ట్రిక్ బండికి అనుకూలం, కానీ ఊళ్లో తిరిగేవాళ్లకు దూరం తక్కువ గనక మిగిలేది తక్కువ. హైవే దానికి ప్రతికూలం, కానీ అక్కడ తిరిగేవాళ్లకు మిగిలేది ఎక్కువ. ఈ రెండూ ఒకేసారి నిజం కావడంతోనే జనం మాటలు ఒకరివి ఒకరితో కలవవు.

బ్యాటరీ తిరిగినా అరుగుతుంది, ఊరికే ఉన్నా అరుగుతుంది

పెట్రోల్ బండి తరఫున వాదించేవాళ్ల బలమైన మాట ఇది: "బ్యాటరీ పోతే మిగిల్చిందంతా దానికే పెట్టాలి." మూడు యూనిట్ల బ్యాటరీ కొత్తది వేయాలంటే యాభై వేలు దాటవచ్చు గనక దీన్ని కొట్టిపారేయలేం.

లిథియం బ్యాటరీ రెండు రకాలుగా ముసలిదవుతుంది. ఛార్జ్ చేసి వాడిన కొద్దీ కొంత, కాలం గడిచిన కొద్దీ కొంత. ఎనిమిదేళ్లలో జడ్చర్ల అతను దాదాపు 85 వేల కిలోమీటర్లు తిరుగుతాడు, అంటే వెయ్యి దాకా పూర్తి ఛార్జింగ్‌లు. అతని బ్యాటరీ ముఖ్యంగా వాడకం వల్ల అరుగుతుంది. కొన్ని కంపెనీలు ఇచ్చే ఎనిమిదేళ్లు లేదా 80 వేల కిలోమీటర్ల వారంటీలో అతనికి కిలోమీటర్లు ముందు అయిపోతాయి. బట్టల షాపు ఆమె ఎనిమిదేళ్లలో తిరిగేది 25 వేలే. 250 ఛార్జింగ్‌లు బ్యాటరీకి లెక్కలోవి కావు. కానీ కాలం ఆగదు. ఎనిమిదేళ్ల ఎండలు ఆ బ్యాటరీ మీద కూడా పడతాయి. తక్కువ తిరిగితే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందన్న నమ్మకం సగమే సరైంది. ఆమె తొలి మూడేళ్లు పెట్టుబడి రాబట్టుకోవడానికే పోతాయి గనక, బ్యాటరీ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది అతనికన్నా ఆమెకే పెద్ద ప్రశ్న.

ఇక్కడ పాలమూరు ఎండ లెక్కలోకి వస్తుంది. వేడిలో, అదీ ఫుల్ ఛార్జ్‌తో గంటల తరబడి ఉంటే సెల్ లోపలి రసాయన మార్పులు వేగంగా జరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద పగలంతా నిలబెట్టిన బండికి బయటి గాలికన్నా ఎక్కువ వేడి తగులుతుంది. రోజుకు పది కిలోమీటర్లు తిరిగే మనిషి ప్రతి రాత్రీ నూటికి నూరు శాతం నింపాల్సిన పనిలేదు. ఎనభై దాకా చాలు. బయట నుంచి వచ్చీ రాగానే వేడి మీద ప్లగ్ పెడితే చాలా బండ్లు తామే ఛార్జింగ్ నెమ్మది చేస్తాయి. ఛార్జింగ్ ఆలస్యమైందని కంగారు పడేవాళ్లు చాలాసార్లు చూస్తున్నది ఈ రక్షణనే. ఎల్ఎఫ్‌పీ రకం సెల్స్ ఎన్ఎంసీ రకం కన్నా వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి. కానీ అదే బరువులో తక్కువ కరెంటు పట్టుకుంటాయి. కొనేటప్పుడు ఏ రకమో అడగడం న్యాయమైన ప్రశ్న.

మంటల భయం సంగతి కూడా చెప్పాలి. 2022లో దేశంలో చాలాచోట్ల బండ్లు కాలిపోయాక ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని గట్టి చేసి, 2022 డిసెంబర్, 2023 మార్చి చివర రెండు దశల్లో అమల్లోకి తెచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు బండి ఆ తేదీలకు ముందుదా తర్వాతదా అని చూసుకోవడం మంచిది.

బ్యాటరీ ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. ఫుల్ ఛార్జ్ నుంచి ఇరవై శాతం దాకా రోజూ తిరిగే దారిలోనే నడిపి, ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాసుకోవాలి. మరుసటి ఏడాది అదే నెలలో మళ్లీ చూడాలి. వారంటీలో మామూలుగా ఉండే షరతు బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కన్నా పడిపోవడం. ఊరికే "రేంజ్ తగ్గింది" అంటే సర్వీస్ సెంటర్‌లో వినరు. తేదీలతో రాసుకున్న కాగితం ఉంటే, బ్యాటరీ టెస్ట్ రిపోర్ట్ ఇవ్వమని గట్టిగా అడగవచ్చు.

మన జిల్లాలోని దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. దాంతో ఇక్కడ బ్యాటరీ చవకగా దొరుకుతుందని ఆశపడేవాళ్లున్నారు. సెల్ ఎక్కడ తయారైనా షోరూం ధరను నిర్ణయించేది బండి కంపెనీ. బండి కొనే లెక్కలో ఆ ఆశను ఇప్పుడే కలపకూడదు.

మెకానిక్, అద్దె ఇల్లు

డబ్బు లెక్క తేలినా రెండు చిక్కులు మిగులుతాయి. పెట్రోల్ బండి భూత్పూర్ దారిలో ఆగినా, దేవరకొండ రోడ్డులో ఆగినా పది నిమిషాల నడకలో మెకానిక్ దొరుకుతాడు. ఎలక్ట్రిక్ బండిలో టైరు, బ్రేకు పనులు అతనే చేస్తాడు. కంట్రోలర్ పోయినా, సాఫ్ట్‌వేర్ మొరాయించినా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి. పార్టు హైదరాబాద్ నుంచి రావాలంటే రోజులు పట్టవచ్చు. ఇంట్లో ఒకే బండి ఉండి, అది లేకపోతే పని ఆగిపోయేవాళ్లకు ఈ ఎదురుచూపు కూడా ఖర్చే. కొనే ముందు మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా అని చూడటంతో సరిపెట్టుకోవద్దు. అక్కడ నిలబడి ఉన్న బండ్ల ఓనర్లను ఎన్ని రోజులైందో అడిగితే నిజం తెలుస్తుంది.

అద్దెకుండేవాళ్లది ఇంకో సమస్య. పై పోర్షన్‌లో ఉంటే కింద నిలిపిన బండికి వైరు దించాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏడెనిమిది వందల వాట్ల ఛార్జర్ గంటలకొద్దీ నడిస్తే వైరు, ప్లగ్ వేడెక్కుతాయి. ప్లగ్ పిన్నులు ముట్టుకుంటే చురుక్కుమన్నా, సాకెట్ పసుపు రంగుకు తిరిగినా అక్కడ ఛార్జింగ్ ఆపేయాలి. కింద ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ పాయింట్ ఒకటి వేయించుకోవడం ఖాయమైన దారి. ఆ పాయింట్ ఎవరి మీటర్ మీద ఉందన్నది మాత్రం ముందే మాట్లాడుకోవాలి. అది ఓనర్ మీటర్ మీద ఉండి, వాళ్లది జీరో బిల్లు ఇల్లయితే, మీ స్కూటర్ యూనిట్లతో వాళ్లు 200 దాటిన నెలలో వెయ్యి రూపాయల బిల్లు వాళ్ల చేతికొస్తుంది. "యూనిట్‌కు పది రూపాయలిస్తాను" అన్న ఒప్పందం ఆ నెలలో నిలబడదు. బ్యాటరీ విప్పి పైకి తీసుకెళ్లే రకం బండి తీసుకుని మీ సొంత మీటర్ మీదే ఛార్జ్ చేసుకోవడం ఒక మార్గం. కాకపోతే ఆ బ్యాటరీల్లో కొన్ని పది కిలోలకు పైనే ఉంటాయి. మెట్లెక్కి రోజూ ఎవరు మోస్తారో ఇంట్లో ముందే అనుకోవాలి.